నాలుగో తరగతి పాప తలలో పేన్లు: మందు పెట్టినా పోలేదు, జుట్టు కత్తిరించాల్సిందేనా?

తుంగభద్ర_తల్లి
మాది కర్నూలు. పాప నాలుగో తరగతి, నడుము దాకా ఒత్తు జుట్టు, రోజూ రెండు జడలు. ఈమధ్య తల ఒకటే గోక్కుంటుంటే పాయ తీసి చూశాను, పేన్లు. మెడికల్ షాపులో ఇచ్చిన మందు ఒకసారి పెట్టి తలకు పోశాను. వారం పాటు బాగానే ఉంది. ఇప్పుడు మళ్ళీ గోకుడు మొదలు. ఈపులైతే తెల్లగా అలాగే అంటుకుని ఉన్నాయి. నిన్న టీచరమ్మ డైరీలో రాసి పంపింది: జుట్టు కత్తిరించి పంపండి, లేదంటే తగ్గాకే పంపండి అని. మా అత్తమ్మ ఏమో గుండు చేయిస్తే ఒక్క పూటలో పీడ పోతుంది అంటోంది. ఆ మాట విన్నప్పటి నుంచి పాప అన్నం కూడా సరిగ్గా తినడం లేదు. మందు పని చేయలేదా, లేక బడిలో మళ్ళీ ఎక్కుతున్నాయా? ఇది ఎలా తెలుస్తుంది?

బురుజుకాడ_బాబు
కొండకు పోయి గుండు కొట్టించండి. పుణ్యానికి పుణ్యం, పేన్లకు పేన్లు.

చిన్నమ్మ_కడప
షాపు మందులన్నీ దండగ. మా ఇంట్లో తరతరాలుగా సీతాఫలం గింజలే. ఎండబెట్టి దంచి, కొబ్బరినూనెలో కలిపి రాత్రి పట్టించి గుడ్డ కట్టేయడమే. తెల్లారేసరికి అన్నీ చచ్చి రాలిపోతాయి. ఇంకాస్త ఘాటుగా కావాలంటే ముద్దకర్పూరం కూడా కలుపుకోవచ్చు.

పెన్నగట్టు_రమణి
చిన్నమ్మా, దయచేసి ఆ గింజల సంగతి ఎవరికీ చెప్పొద్దు. మా చెల్లెలి కూతురికి ఇదే పొడి పెట్టారు. నిద్రలో చెమటతో పాటు కంట్లోకి దిగింది. తెల్లవారి పిల్ల కన్ను తెరవలేదు, వెలుగు చూస్తే కేకలు. కంటి డాక్టరు నల్లగుడ్డు పైపొర లేచిపోయింది అన్నాడు. చూపు మిగిలింది గానీ నయమయ్యేదాకా ఇంటిల్లిపాదికీ నిద్ర లేదు.

చిన్నమ్మ_కడప
కంట్లో పడకుండా పెట్టుకోవాలి మరి. గింజల తప్పు కాదు కదా అది.

నర్సమ్మ_రిటైర్డ్
చిన్నమ్మగారు చెప్పిన దాంట్లో సగం నిజం ఉంది. సీతాఫలం గింజలకు పేన్లు చస్తాయి, కాదనను. ఏ విషం పేనును చంపుతుందో అదే కంటి పైపొరను కూడా కాల్చేస్తుంది. రాత్రంతా గుడ్డ కట్టుకుని పడుకున్న పిల్ల కంట్లోకి పోకుండా ఎవరు కాపలా ఉంటారు? ఒకవేళ పడితే వెంటనే కుళాయి కింద ధారగా చాలాసేపు కడిగి, ఆలస్యం చేయకుండా కంటి డాక్టరు దగ్గరికి పోవాలి. పసుపు, పాలు లాంటివి పోయకూడదు. ఇక కర్పూరం. చిన్నపిల్ల నోట్లోకి కొంచెం పోయినా ఫిట్స్ వస్తాయి. నూనె చేతులు నోట్లో పెట్టుకోని పిల్ల ఎక్కడైనా ఉందా?

ఇక్కడ ఇంకెవరైనా చీమల చాక్‌పీసు, కిరసనాయిలు, పత్తికి కొట్టే మందు గురించి రాయబోతుంటే వాళ్ళకు ముందే దండం పెడుతున్నాను.

తుంగభద్ర తల్లీ, నాకు రెండు విషయాలు చెప్పమ్మా. మందు పెట్టి ఎన్నాళ్ళయింది? ట్యూబు మీద ఏం రాసి ఉంది?

రాయలచెరువు_వెంకట్
మాకూ ఇదే బాధ. కోళ్ళ గూడు కడిగి బూడిద చల్లితే పేన్లు పోయాయి. మీరు ఇంట్లో కోళ్ళు పెంచుతున్నారా? కుక్క ఉంటే దానికీ పోయించండి.

బురుజుకాడ_బాబు
వెంకటన్నా, ఇక్కడ అడిగింది పాప తల గురించి, గూడు గురించి కాదు 😂

నర్సమ్మ_రిటైర్డ్
కోడిపేను మనిషి తల మీద కాపురం చేయదు. కుక్క గోమారీ కూడా అంతే. మనిషి తలపేను మనిషి తల మీదే బతుకుతుంది, మనిషి నుంచి మనిషికే పోతుంది. అది ఎగరదు, దూకదు. రెండు తలలు ఆనితే పాకుతుంది, అంతే.

తుంగభద్ర_తల్లి
అమ్మా, మందు పెట్టి ఇంకా రెండు వారాలు కాలేదు. ట్యూబు మీద పర్మెత్రిన్ 5 శాతం క్రీం అని ఉంది. షాపతను పది నిమిషాలు ఉంచి కడగమన్నాడు. రెండోసారి పెట్టాలని మాత్రం చెప్పలేదు.

నర్సమ్మ_రిటైర్డ్
అనుకున్నాను. ఆ 5 శాతం క్రీం గజ్జికి ఒళ్ళంతా రాయడానికి. తలపేన్లకు అదే మందు 1 శాతం లోషన్‌గా వస్తుంది, పల్చగా ఉండి కుదుళ్ళ దాకా దిగుతుంది. ముద్దగా ఉండే క్రీం నడుము దాకా ఉన్న ఒత్తు జుట్టులో కుదుళ్ళన్నిటికీ అందడం కష్టం. అయినా వారం బాగుంది అన్నావు కాబట్టి చాలా పేన్లు చచ్చే ఉంటాయి.

అసలు చిక్కు ఈపులతో. ఈ మందు పాకే పేన్లను చంపుతుంది గానీ ఈపులన్నిటినీ చంపలేదు. పెట్టిన ఈపి వారం నుంచి పది రోజుల్లో పగులుతుంది. దాంట్లోంచి వచ్చిన పిల్లపేను మళ్ళీ గుడ్లు పెట్టే వయసుకు రావడానికి ఇంకో తొమ్మిది నుంచి పన్నెండు రోజులు పడుతుంది. అందుకే తొమ్మిదో రోజున రెండోసారి మందు పెట్టమంటారు. అప్పటికి మిగిలిన ఈపులు చాలావరకు పగిలి ఉంటాయి, ఆ పిల్లలు ఇంకా గుడ్లు పెట్టి ఉండవు.

నీ ప్రశ్నకు జవాబు కూడా ఈ లెక్కలోనే ఉంది. ఒకసారి తడి జుట్టు దువ్వి, దొరికిన పేన్ల సైజు చూడు. అన్నీ ఒక మిల్లీమీటరు, ఒకటిన్నర ఉండే పిల్లపేన్లే అయితే అవి పాప తలలో మిగిలిన ఈపుల నుంచి వచ్చినవే. నువ్వుగింజంత పెద్దవి కనిపిస్తే మాత్రం, మందు పెట్టిన వెంటనే పగిలిన ఈపి అయితే తప్ప, రెండు వారాల లోపల అంత పెరగడం కష్టం. చాలావరకు అవి మందుకు చావనివన్నా అయి ఉంటాయి, ఇంకొకరి తల నుంచి ఎక్కినవన్నా అయి ఉంటాయి.

అనంత_సైకిల్
ఇద్దరు ఆడపిల్లల తండ్రిని, మా ఇంట్లో తల దువ్వే డ్యూటీ నాది. పొడి జుట్టులో పేన్లు చూడడం టైం దండగ. పాయ తీసేలోపే పక్కకు పరుగెడతాయి. ఒకరోజు అరగంట చూసి ఏమీ లేవని చెప్పాను. సాయంత్రం మా ఆవిడ తడి జుట్టు దువ్వితే గుడ్డ నిండా పడ్డాయి. అప్పటి నుంచి ఇంట్లో నా మాట చెల్లదు.

గుత్తి_హాస్టల్_పిల్ల
హాస్టల్లో ఆదివారం మధ్యాహ్నం మెట్ల మీద వరసగా కూర్చుని ఒకరి తల ఒకరు చూసేవాళ్ళం. ముందున్న దాని తల నా చేతిలో, నా తల వెనకదాని చేతిలో. రైలు బండి అనేవాళ్ళం. ఇప్పుడు ఆలోచిస్తే పేన్లు పోవడానికి కాదు, అందరికీ సమానంగా పంచడానికి చేశామనిపిస్తోంది.

తుంగభద్ర_తల్లి
తడి జుట్టు దువ్వడం ఎలాగో వివరంగా చెప్పరా? మా ఇంట్లో పాత చెక్క ఈర్పెన ఉంది, పాపకు దాన్ని చూస్తేనే ఏడుపు.

నర్సమ్మ_రిటైర్డ్
ఏడవక ఏం చేస్తుంది, పొడి జుట్టులో ఈర్పెన లాగితే పెద్దవాళ్ళకే ప్రాణం పోతుంది. పొడవు పళ్ళ స్టీలు పేనుదువ్వెన కొను, పళ్ళు వంగనిది. ప్లాస్టిక్‌దైతే పళ్ళు విచ్చుకుని పిల్లపేన్లు సందులోంచి జారిపోతాయి.

ఆదివారం పొద్దున ఎండ వచ్చే వసారాలో కూర్చోబెట్టు. మామూలు షాంపూతో తలకు పోసి, తుడవకుండా, తడి మీదే కండీషనర్ ధారాళంగా పట్టించు. ఇంత జుట్టుకు చిన్న ప్యాకెట్లు ఒకటీ రెండూ చాలవు, జుట్టంతా జారుడుగా ఉండాలి. జారుడులో పేను పరుగెత్తలేదు, అదీ దీని ఉపయోగం. ముందు పెద్ద దువ్వెనతో చిక్కు మొత్తం తీసేయాలి. చిక్కు పోకముందే పేనుదువ్వెన పెట్టావంటే పాప రెండోసారి కూర్చోదు.

తర్వాత జుట్టును నాలుగు భాగాలు చేసి క్లిప్పులు పెట్టు. పెడతల కింది నుంచి, చెవుల వెనక నుంచి మొదలుపెట్టు, పేన్లకు వెచ్చగా ఉండే చోట్లు అవే. వేలి మందం పాయ తీసుకుని, దువ్వెన పళ్ళు మాడుకు ఆనేలా పెట్టి, గుచ్చకుండా కాస్త వంచి, కుదురు నుంచి చివరి దాకా ఒకే లాగులో దువ్వు. ప్రతి లాగుకూ దువ్వెనను తెల్ల గుడ్డ మీద తుడిచి చూడాలి. తుడవకుండా మళ్ళీ పెడితే తీసిన పేనును నువ్వే తలలో వదిలినట్టు. తల మొత్తం అయ్యాక కండీషనర్ కడిగేసి, తడి మీదే ఇంకోసారి దువ్వు. నడుము జుట్టుకు గంట పట్టొచ్చు, చేతికి ఫోన్ ఇచ్చి కూర్చోబెట్టు.

ఇదే పని మొదటి రోజు, ఐదో రోజు, తొమ్మిదో రోజు, పదమూడో రోజు. మధ్యలో పగిలిన పిల్లలు గుడ్లు పెట్టేంత పెరగకముందే దొరికిపోతాయి. పదిహేడో రోజు చూస్తే ఒక్కటీ ఉండకూడదు. మధ్యలో ఎప్పుడైనా పెద్ద పేను కనిపిస్తే లెక్క మళ్ళీ మొదటి నుంచి.

చిన్నమ్మ_కడప
కండీషనర్ ఎందుకు, కొబ్బరినూనె చాలదా? మా కాలంలో ఇవన్నీ ఎక్కడివి.

నర్సమ్మ_రిటైర్డ్
నూనెతో కూడా దువ్వొచ్చు చిన్నమ్మగారూ, జారుడు ముఖ్యం. తర్వాత జిడ్డు వదిలించడమే పెద్ద పని. నూనె పెట్టి వదిలేస్తే మాత్రం పేన్లు చావవు, కాసేపు మందంగా పడుకుని మళ్ళీ లేస్తాయి.

సర్కారు_బడి_టీచర్
టీచర్ని అందరూ తిడతారు కాబట్టి నా మాట కూడా వినండి. ఒక పిల్లకు ఉందని తెలిస్తే పక్కన కూర్చున్న పిల్లల తల్లులు గేటు దగ్గర గొడవకు వస్తారు. అయినా డైరీలో అలా రాయడం నాకు నచ్చలేదు. మీకు కనిపించేసరికి ఆ పేన్లు తలలో ఎప్పటి నుంచో ఉంటాయి, ఇప్పుడు నాలుగు రోజులు బడి మానిపిస్తే ఒరిగేదేమీ లేదు. నేనైతే తరగతిలో ఎవరి పేరూ చెప్పకుండా అందరి తల్లిదండ్రులకూ ఒకే రాత్రి చూడమని చీటీ పంపుతాను. జడలు ఊగకుండా మడిచి రిబ్బన్ కట్టి పంపమంటాను.

పెన్నగట్టు_రమణి
చీటీ పంపితే చూసేది ఎందరు టీచర్? మా పాప పక్కన కూర్చునే అమ్మాయి తల్లి పొలం పనికి పోతే రాత్రికి వస్తుంది. ఆమెకు గంటసేపు దువ్వే తీరిక ఎక్కడిది?

సర్కారు_బడి_టీచర్
నిజమే. దానికి నా దగ్గర జవాబు లేదు.

కత్తెర_అనంతపురం
నాది సెలూన్. కటింగ్ గురించి నేను చెప్తా. మెడ దాకా బాబ్ కట్ చేస్తే పేన్లు పోతాయి అనుకుని వస్తారు. మేము కింద కోసేది చివర్లు, పేన్లు ఉండేది కుదుళ్ళ దగ్గర. కొత్త ఈపి మాడు నుంచి అర సెంటీమీటరు లోపలే ఉంటుంది. బాయ్ కట్ చేసినా అదంతా తలలోనే ఉంటుంది. మగపిల్లలకు పేన్లు రావా మరి? వస్తాయి, నా కుర్చీలో రోజూ చూస్తుంటా.

గుండు చేస్తే మాత్రం పోతాయి. పట్టుకోవడానికి వెంట్రుక లేకపోతే పేను బతకలేదు, ఈపి అంటుకోలేదు. ఆ తర్వాత ఇంట్లో ఇంకొకరికి ఉంటే, జుట్టు కాస్త పెరగ్గానే మళ్ళీ హాజరు.

బురుజుకాడ_బాబు
అంటే కొండకు ఫ్యామిలీ ప్యాకేజీ అన్నమాట.

తుంగభద్ర_తల్లి
మరి కటింగ్ వల్ల ఏ ఉపయోగమూ లేదా అన్నా?

కత్తెర_అనంతపురం
ఉంది. భుజాల దాకా తెస్తే నీకు దువ్వే టైం సగం అవుతుంది, కండీషనర్ సగం, చిక్కు సగం. గంట కూర్చోలేక పిల్ల పారిపోతుంటే, లేదా నువ్వు ఉద్యోగానికి పోతూ నాలుగు రోజులకోసారి చేయలేకపోతుంటే కత్తిరించు. పేన్లను చంపడానికి అని మాత్రం కత్తిరించొద్దు. ఇంకో మాట, సెలూన్‌కు వచ్చేటప్పుడు పేన్లున్నాయని ముందే చెప్పండి. సిగ్గుపడి దాచిపెడితే నేను అదే దువ్వెన తర్వాతి వాళ్ళకు పెడతా.

నర్సమ్మ_రిటైర్డ్
అన్న చెప్పింది సరిగ్గా ఉంది. నేను తప్పకుండా కత్తిరించమనే సందర్భం ఒకటుంది. గోకి గోకి మాడు మీద పుండ్లు పడి, చీము కారి, జుట్టు ముద్దలా అతుక్కుపోయి దువ్వెన దిగకపోతే, అప్పుడు పొట్టిగా కత్తిరిస్తేనే పుండ్లు కడగడానికి, మందు పెట్టడానికి వీలవుతుంది. మెడ వెనక బిళ్ళలు కట్టడం, జ్వరం రావడం కూడా ఉంటే ముందు డాక్టరుకు చూపించండి. అలాంటి తల మీద మంగలి కత్తితో గుండు గీయించకూడదు, తెగి ఇంకా పాకుతుంది. మిషన్‌తో తీయించాలి. పేను మందు కూడా పుండ్ల మీద సొంతంగా పూయొద్దు.

తుంగభద్ర_తల్లి
దువ్వాను. స్టీలు దువ్వెన తెచ్చి, మీరు చెప్పినట్టే. గంట పైనే పట్టింది, పాప సగం టైం నవ్వుతూనే ఉంది, ఏడవలేదు. తెల్ల గుడ్డ మీద పదీ పన్నెండు దాకా చిన్నవి, పెద్దవి రెండు. ఆ రెండు ఎక్కడివి? ఈపులు కూడా చాలా ఉన్నాయి, ఇంకా బతికే ఉన్నాయా?

నర్సమ్మ_రిటైర్డ్
చిన్నవి మిగిలిన ఈపులవి, అనుమానం లేదు. ఆ పెద్ద రెండింటి కోసం ఇంట్లో అందరి తలలూ ఈరోజే చూడు. మందుకే చావనివైతే, పెట్టిన మర్నాడే తల నిండా చురుగ్గా పాకుతూ కనిపించాలి. నువ్వు వారం బాగుందన్నావు. నాకైతే ఎవరి నుంచో ఎక్కినవే అనిపిస్తోంది. పాప ఎవరి పక్కన పడుకుంటుంది?

ఈపుల సంగతి: కుదురు నుంచి ఎంత దూరంలో ఉన్నాయో చూడు. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఈపి వెంట్రుకకు జిగురుతో అంటుకుపోయి జుట్టుతో పాటే కిందికి దిగుతుంది. సెంటీమీటరు దాటి తెల్లగా మెరిసేవి దాదాపు అన్నీ ఉత్త డొల్లలు. మాడుకు దగ్గరగా, గోధుమ రంగులో ఉన్నవాటి మీదే కన్నేయాలి. డొల్లలు చూసి మళ్ళీ మళ్ళీ మందు పెట్టే తల్లులను చాలామందిని చూశాను.

తుంగభద్ర_తల్లి
మా తోటికోడలి కూతురు ఇంటర్, ఇక్కడే ఉండి చదువుకుంటోంది, ఇద్దరూ ఒకే చాప మీద పడుకుంటారు. దువ్వి చూశాను. గుడ్డ నిండా పెద్దవే! ఆ పిల్లకు దురదే లేదట. నాకు ఒకటి దొరికింది. మా అత్తమ్మ మాత్రం నాకు పేన్లేంటి అని తల ముట్టుకోనివ్వడం లేదు.

నర్సమ్మ_రిటైర్డ్
దురద లేకపోవడం మామూలే. మొదటిసారి ఎక్కినప్పుడు నెల, నెలన్నర దాకా కొందరికి దురద తెలియదు. అందుకే గోకని వాళ్ళ తలలు కూడా చూడమనేది. అలాగే పేన్లన్నీ పోయాక కూడా కొన్నాళ్ళు గోకుతారు, దాన్ని చూసి కంగారు పడొద్దు.

ఆ ఇంటర్ పిల్లకు 1 శాతం లోషన్ అడిగి తీసుకో. షాంపూ మాత్రమే చేసి, ఆ రోజు కండీషనర్ వాడకుండా, టవల్‌తో తుడిచిన జుట్టుకు కుదుళ్ళు తడిసేలా పట్టించి, పది నిమిషాలకు కడిగేయాలి. కళ్ళకు గుడ్డ అడ్డం పెట్టుకుని, తల ముందుకు వంచి కడిగితే ఒంటి మీద పారదు. తొమ్మిదో రోజు మళ్ళీ. పాపకు మొన్నే మందు పెట్టావు కాబట్టి నేనైతే దువ్వుడే కొనసాగిస్తాను. ఇద్దరికీ ఒకే రోజు మొదలుపెట్టు, లేకపోతే ఇది ఎన్నటికీ తెగదు.

అనంత_సైకిల్
దుప్పట్లు, దిండ్లు అన్నీ ఉడకబెట్టాలా? మా ఆవిడ పోయినసారి పరుపు కూడా మిద్దె మీదికి ఎక్కించింది, నా నడుము పోయింది.

నర్సమ్మ_రిటైర్డ్
పరుపు జోలికి పోవద్దు. తల నుంచి పడిన పేను రక్తం దొరక్క ఒకటి రెండు రోజుల్లో చస్తుంది. దిండు గలీబులు, టవళ్ళు వేడినీళ్ళలో ఉతికితే చాలు. దువ్వెనలు బాగా వేడిగా ఉన్న నీళ్ళలో పది నిమిషాలు. ఆ కష్టమేదో దువ్వడం మీద పెట్టండి.

చిన్నమ్మ_కడప
ఇంత లెక్కా? మేము పేన్లు కుక్కుతూ ముచ్చట్లు చెప్పుకుంటూనే పెద్దవాళ్ళమయ్యాం. అయినా కంటి మాట విన్నాక గింజల పొడి డబ్బా అటక మీదికి పెట్టాను. పారేయలేదు, పెట్టాను అంతే.

తుంగభద్ర_తల్లి
ఐదో రోజు దువ్వుడు అయింది. పాపకు చిన్నవి మూడు, పెద్దవి లేవు. జుట్టు భుజాల కిందికి కొంచెం కత్తిరించాను, పాపే అడిగింది, అద్దంలో చూసుకుని మురిసిపోతోంది. బడికి పంపుతున్నాను, టీచరమ్మతో మాట్లాడాను, ఊ అంది గానీ మొహం అదోలా పెట్టింది. అత్తమ్మ సంగతే తేలలేదు.

గుత్తి_హాస్టల్_పిల్ల
అత్తమ్మను ఆదివారం మెట్ల మీద కూర్చోబెట్టి రైలు బండిలో కలుపుకోండి.

కొత్తసభ్యురాలు_నంద్యాల
మధ్యలో అడుగుతున్నా, ఏమనుకోవద్దు. మా బాబు తలలో తెల్లగా సన్నటి గొట్టాల్లా వెంట్రుక చుట్టూ ఉన్నాయి. గోటితో తాకితే చివరి దాకా సులువుగా జారిపోతున్నాయి. తడి జుట్టు దువ్వితే పేను ఒక్కటీ లేదు. ఇవీ ఈపులేనా, మందు పెట్టాలా?

నర్సమ్మ_రిటైర్డ్
జారేది ఈపి కాదమ్మా. ఈపి గోళ్ళ మధ్య నొక్కి లాగితే తప్ప కదలదు. అది మాడు పొర ఊడి వెంట్రుకకు తొడుగులా చుట్టుకున్నది. మందు పెట్టొద్దు. వచ్చే వారం ఇంకోసారి దువ్వి చూసి, పేను లేకపోతే వదిలేయ్.